ముగ్గురితోనే కేస్ స్టడీ: మెథడాలజీ చాప్టర్ చుట్టూ ఉన్న అపోహలు

అపోహ: థీసిస్‌లో కేస్ స్టడీకి ముగ్గురు సరిపోరు, కనీసం పన్నెండు మంది ఉండాలి.

వాస్తవం: ఈ పన్నెండు చాలావరకు 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ రాసిన పేపర్ నుంచి పాకింది. ఘానా, నైజీరియాల్లో 60 మంది మహిళల ఇంటర్వ్యూలు విశ్లేషిస్తే, మొదటి పన్నెండు పూర్తయ్యేసరికే కొత్త కోడ్‌లు, అంటే జవాబుల్లోంచి గుర్తించి పేరు పెట్టే కొత్త అంశాలు, దాదాపు ఆగిపోయాయని వాళ్లు గమనించారు. ఒకే తరహా మనుషుల్ని ఒకే ప్రశ్నలు అడిగిన ఇంటర్వ్యూల లెక్క అది. కేస్ స్టడీకి దాన్ని కొలబద్దగా పెట్టకూడదు.

ఇక్కడ సమర్థించాల్సింది మూడు అనే అంకెను కాదు, ఆ ముగ్గురే ఎందుకన్నదాన్ని. ఉదాహరణకు, ఆదిలాబాద్ ఏజెన్సీలో ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాలల మీద థీసిస్ అనుకుందాం. ఒకే గదిలో ఐదు తరగతులకు పాఠం ఎలా నడుస్తుందన్నది ప్రశ్న. మొదటి ఇద్దరు టీచర్లకు పిల్లల గోండి భాష రాదు, మూడో టీచరుకు వచ్చు. సర్వీసు, పిల్లల సంఖ్య మాత్రం ముగ్గురికీ దగ్గరదగ్గరే. మొదటి ఇద్దరి దగ్గర ఒకేలాంటి ఫలితం, మూడోచోట భాష వల్ల తేడా వస్తుందని ముందే ఊహించి ఎంచుకున్నాం. కేస్ స్టడీ పద్ధతి మీద పుస్తకం రాసిన రాబర్ట్ యిన్ చెప్పే రెప్లికేషన్ తర్కం ఇదే. చాప్టర్‌లో ఇలా రాయొచ్చు:

"పిల్లల మాతృభాష తెలియడం అనే ఒక్క అంశంలో తేడా ఉండేలా ముగ్గురు టీచర్లను ఉద్దేశపూర్వకంగా ఎంపిక చేశాను. ఒక్కొక్కరితో గంటసేపు చొప్పున మూడు ఇంటర్వ్యూలు, ఒక్కో బడిలో ఆరు పూర్తి రోజుల తరగతి పరిశీలన, పాఠ్య ప్రణాళికలు, పిల్లల నోటుపుస్తకాలు కలిపి విశ్లేషించాను."

అంటే తొమ్మిది ఇంటర్వ్యూలు, పద్దెనిమిది రోజుల పరిశీలన. మనుషులు ముగ్గురే అయినా సమాచారం ఎంత లోతుగా ఉందో ఎగ్జామినర్‌కు కనబడుతుంది. "సమయాభావం వల్ల ముగ్గురినే తీసుకున్నాను" అని రాస్తే మాత్రం ఇంత పనీ వృథా. అది డిజైన్‌కు కారణం కాదు.

అపోహ: "శాచురేషన్ వచ్చింది" అంటే సరిపోతుంది.

వాస్తవం: శాచురేషన్ అంటే ఇంటర్వ్యూల్లో కొత్త విషయం రావడం ఆగిపోవడం. ఏ ఇంటర్వ్యూ తర్వాత అలా ఆగిందో చూపమని వైవాలో అడుగుతారు. ముగ్గురిలో ఒకరిని తేడా కోసమే ఎంచుకున్నప్పుడు, ఆగిందనడానికి ఆధారం ఉండదు. 2016లో మాల్టరుడ్ బృందం ప్రతిపాదించిన 'ఇన్ఫర్మేషన్ పవర్' మీద నిలబడటం మేలు. లక్ష్యం ఎంత ఇరుకైనది, ఎంచుకున్నవాళ్లు దానికి ఎంత సరిపోతారు, వెనక సిద్ధాంతం ఉందా, సంభాషణ ఎంత లోతైంది, విశ్లేషణ ఏ తరహాది అన్న ఐదింటినీ చూసి ఎంతమంది కావాలో తేల్చమంటుంది అది.

అపోహ: ముగ్గురితో దేన్నీ సాధారణీకరించలేం, క్షమాపణ చెప్పుకోవాలి.

వాస్తవం: జనాభాకు వర్తింపజేయలేం, సిద్ధాంతానికి వర్తింపజేయగలం. "ఏజెన్సీ టీచర్లు ఇలా బోధిస్తారు" అన్న ఒక్క వాక్యం ముగింపులో దొర్లినా డిజైన్ మొత్తం దెబ్బతింటుంది. "గోండి వచ్చిన టీచరు ఒక తరగతికి చెబుతూ మిగతా పిల్లలను పనిలో పెట్టే తీరు, భాష గురించిన ఫలానా వాదనను ఇలా సవరిస్తోంది" అనడం న్యాయం.

అపోహ: మారుపేర్లు పెడితే గోప్యత ఉన్నట్టే.

వాస్తవం: మండలం పేరు, సర్వీసు సంవత్సరాలు, గోండి వచ్చునన్న వివరం కలిస్తే ఆ టీచరెవరో మండల కార్యాలయంలో అందరికీ తెలిసిపోతుంది. మండలం పేరు తీసేయండి, సర్వీసును "పదేళ్లకు పైగా" అనండి. డ్రాఫ్టులో ఎవరి భాగం వారికి చూపించి సరేననిపించుకున్నాకే సమర్పించండి.