ఈ-ఇన్వాయిస్ క్యూఆర్ కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో వ్యాపారుల లెక్కలు చూస్తుంటాను. మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లుకు మోటార్ల బిల్లు వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది, పంపింది మధ్యవర్తి. పది మోటార్లు, ఒక్కొక్కటి 31,500. విలువ 3,15,000, దానిపై 18 శాతం పన్ను 56,700, మొత్తం 3,71,700. కూడిక సరిపోయింది, అక్షరాల్లో రాసిన మొత్తమూ సరిపోయింది, క్యూఆర్ కూడా ఉంది. ఇంకేం కావాలని యజమాని చెల్లింపుకు సిద్ధమయ్యారు.

అపోహ: క్యూఆర్ ఉంటే, ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో బిల్లు నమోదైతే వచ్చే ఐఆర్ఎన్ నంబరు ఉంటే బిల్లు అసలుదే.

బిల్లును దిద్దేవారు క్యూఆర్ జోలికి వెళ్లరు. అసలు బిల్లులోని క్యూఆర్‌ను అలాగే ఉంచి చుట్టూ ఉన్న అంకెలు మారుస్తారు. 64 అక్షరాల ఐఆర్ఎన్ అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు ఆధారంగా తయారవుతుంది. అందులో డబ్బు విలువ లేదు. కాబట్టి మొత్తం ఎంత మార్చినా ఐఆర్ఎన్‌కు తేడా రాదు. మార్పును పట్టించేది క్యూఆర్ లోపలి సమాచారం. ఆ ఫొటోలోని క్యూఆర్‌ను స్కాన్ చేస్తే వచ్చిన వాటిలో మనకు కావలసిన భాగం ఇది:

```
"DocTyp":"INV","TotInvVal":312700,
"ItemCnt":1,"MainHsnCode":"850152"
```

బిల్లు నంబరు, తేదీ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు కాగితంతో కలిశాయి. మొత్తం మాత్రం 3,12,700. అంటే 59,000 తేడా. వెనక్కి లెక్క కడితే 2,65,000పై 47,700 పన్ను, మోటారు ధర 26,500. అమ్మకందారును అడిగి అసలు కాపీ తెప్పిస్తే అదే ధర ఉంది. ఫొటోలో 26 స్థానంలో 31 చేరింది, మిగిలిన అంకెలన్నీ దానికి తగ్గట్టు దిద్దారు. అందుకే కూడికను నమ్మవద్దని మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు పదే పదే చెబుతాను. దిద్దినవాడికీ కూడిక వచ్చు.

అపోహ: పది మోటార్లకు క్యూఆర్‌లో 1 అని ఉంది కాబట్టి అది దొంగ బిల్లు.

కాదు. `ItemCnt` అంటే బిల్లులోని వరుసల సంఖ్య, వస్తువుల సంఖ్య కాదు. పది మోటార్లు ఒకే వరుసలో ఉంటే 1 అనే వస్తుంది. అలాగే రూపాయి లోపు తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ పైసలను సవరించి ముద్రించడం మామూలే.

అపోహ: ఫోనులోని ఏ స్కానరైనా చాలు.

మామూలు స్కానర్‌లో `eyJ`తో మొదలయ్యే పొడవాటి అక్షరాల వరుస వస్తుంది. దాన్ని విప్పి చదవడం కష్టం కాదు, కానీ చదవడం వేరు, తనిఖీ వేరు. తనకు కావలసిన మొత్తం పెట్టి కొత్త క్యూఆర్ చేసినవాడిదీ అలాగే చదవవచ్చు. అతను చేయలేనిది చివర ఉండే డిజిటల్ సంతకం. అందుకే ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో సూచించిన తనిఖీ యాప్‌తోనే స్కాన్ చేయాలి, అది సంతకాన్ని కూడా సరిచూస్తుంది. వాట్సాప్ ఫొటోను కుదించడం వల్ల చుక్కలు కలిసిపోయి క్యూఆర్ చదవబడకపోవచ్చు. అంతమాత్రాన మోసమని అనకూడదు. పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపమనండి, అదీ అమ్మకందారు నుంచే నేరుగా.

అపోహ: క్యూఆర్ అంకెలు కలిస్తే ఇక డబ్బు పంపవచ్చు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. క్యూఆర్‌లో ఉండేది ఇద్దరి జీఎస్టీ నంబర్లు, పత్రం నంబరు, రకం, తేదీ, మొత్తం, వరుసల సంఖ్య, ప్రధాన వస్తువు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ఐఆర్ఎన్, అది వచ్చిన తేదీ. ఒక్కో వస్తువు ధర, పరిమాణం, పన్ను విభజన అందులో ఉండవు. మొత్తం అలాగే ఉంచి లోపలి వరుసలు మారిస్తే క్యూఆర్ పట్టుకోలేదు. తర్వాత రద్దైన బిల్లు క్యూఆర్ కూడా మామూలుగానే చదవబడుతుంది. 24 గంటల్లోపు పోర్టల్‌లో ఐఆర్ఎన్ రద్దు చేసే వీలుంది, కాబట్టి ఐఆర్ఎన్ స్థితిని పోర్టల్‌లో విడిగా చూడాలి.

కొన్నవారి బిల్లుల పన్ను వివరాలు నెలనెలా చూపే జీఎస్టీఆర్-2బీలో ఎలాగూ తెలుస్తుందని కొందరు అంటారు. తెలుస్తుంది, కానీ అది వచ్చేది తర్వాతి నెల 14న. అప్పటికి డబ్బు వెళ్లిపోయి ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, బిల్లు అడుగున ముద్రించే బ్యాంకు ఖాతా నంబరు క్యూఆర్‌లో లేదు. ఒక్క రూపాయి కూడా మార్చకుండా ఆ ఖాతా నంబరొక్కటే మార్చిన బిల్లు ఈ తనిఖీలన్నీ దాటుతుంది. ఖాతా కొత్తగా కనిపిస్తే పాత బిల్లులో ఉన్న ఫోను నంబరుకు చేసి అడగండి, ఇప్పుడు వచ్చిన ఫొటోలోని నంబరుకు కాదు.