నలుగురిలో నాలుగోవారు: రోగులను బ్లాకులుగా కేటాయించే పద్ధతి వెనుక చరిత్ర

కొత్త మందును పాత చికిత్సతో పోల్చి చూసే ట్రయల్‌లో, చేరిన ప్రతి రోగికీ నాణెం ఎగరేసి బృందాన్ని నిర్ణయిస్తే పక్షపాతానికి తావుండదు. అయితే రెండు బృందాల్లోనూ సమానంగా మనుషులు చేరతారన్న హామీ మాత్రం నాణెం ఇవ్వదు. 20 మందికి 20 సార్లు ఎగరేస్తే సరిగ్గా పది, పదిగా విడిపోయే అవకాశం నూటికి 18 పాళ్ళ లోపే. ఒక బృందంలో 13 మంది లేదా అంతకంటే ఎక్కువమంది చేరిపోయే అవకాశమే నూటికి 26 పాళ్ళు ఉంటుంది. వేలమంది పాల్గొనే ట్రయల్‌లో ఈ ఎగుడుదిగుడు లెక్కలోకి రాదు గానీ, చిన్న ట్రయల్‌లోనూ, ఒక్కో ఆసుపత్రిలో ఇరవై ముప్పైమందే చేరే పెద్ద ట్రయల్‌లోనూ ఇది ఫలితం బలాన్ని తగ్గించేస్తుంది. దీనికి విరుగుడుగా వచ్చిన బ్లాకుల పద్ధతి తనతోపాటు మరో చిక్కును తెచ్చింది. ఆ చిక్కు ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఈ పద్ధతి పుట్టిన పొలానికి వెళ్ళాలి.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ ముందున్న సమస్య భూసారం. ఒకే పొలంలో ఒక మూల సారవంతంగా, మరో మూల చౌడుగా ఉన్నప్పుడు, మంచి మడిలో పడిన ఎరువుకు దక్కిన దిగుబడి ఎరువు గొప్పదనమో మట్టి గొప్పదనమో చెప్పలేము. పొలాన్ని దాదాపు ఒకే సారం గల పట్టీలుగా, అంటే బ్లాకులుగా విడదీయాలనీ, ప్రతి బ్లాకులోనూ అన్ని ఎరువులూ ఒక్కోసారి పడేలా చూడాలనీ, ఏ ఎరువు ఏ మడికి వెళ్ళాలో మాత్రం బ్లాకు లోపల లాటరీతో తేల్చాలనీ ఆయన ప్రతిపాదించారు. 1926లో వెలువడిన పొలం ప్రయోగాల అమరిక వ్యాసంలో ఆయన ఈ వాదనను వివరించారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. విత్తకముందే మడులన్నీ కళ్ళెదుట ఉంటాయి. చివరి మడికి ఏ ఎరువు మిగిలిందో ముందే తెలిసినా ప్రమాదం లేదు, ఎందుకంటే ఆ మడిని తీసేసి ఇంకో మడిని తెచ్చి పెట్టే వీలు ఎవరికీ లేదు.

వైద్యంలో చాలాకాలం నడిచింది ఒకరిని విడిచి ఒకరికి మందు ఇచ్చే పద్ధతి. డెన్మార్కులో యోహానెస్ ఫీబిగర్ 1896–97లో డిఫ్తీరియా సీరమ్‌ను పరీక్షించినప్పుడు దినం విడిచి దినం చేరిన రోగులకు దానిని ఇచ్చారు. సంఖ్యలు దాదాపు సమానంగా వచ్చే పద్ధతే, కాని ఈ రోజు ఏ వంతో అందరికీ తెలుసు. తెలిసినప్పుడు, ఫలానా రోగిని ఈరోజు చేర్చుకుందామా, రేపు రమ్మందామా అన్న ఆలోచన ఎంత నిజాయితీపరుడైన వైద్యుడికైనా రాకుండా ఉండదు. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్‌ను క్షయరోగులపై పరీక్షించి, 1948లో ఫలితాలు ప్రకటించిన ట్రయల్‌కు పేరొచ్చింది ఈ కిటికీని మూసినందుకే. గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ప్రతి కేంద్రానికీ, అందులో స్త్రీ పురుషులకు విడివిడిగా, యాదృచ్ఛిక సంఖ్యల ఆధారంగా ఒక వరుస తయారు చేసి, ఒక్కో కేటాయింపును సీలు వేసిన కవరులో పెట్టారు. కవరు మీద ఆసుపత్రి పేరు, ఒక సంఖ్య తప్ప మరేమీ లేదు. రోగిని ట్రయల్‌కు అంగీకరించిన తర్వాతే కవరు విప్పేవారు. 55 మందికి మందు అందింది, 52 మందికి పడక విశ్రాంతి మాత్రమే దక్కింది. ఆరు నెలల్లో మొదటి బృందంలో 4గురు, రెండో బృందంలో 14 మంది మరణించారు.

తర్వాతి ట్రయల్స్‌లో బ్లాకు పొలం నుంచి ఆసుపత్రికి వచ్చినప్పుడు దాని అర్థం మారింది. పొలంలో బ్లాకు అంటే పక్కపక్కనున్న మడులు, ఆసుపత్రిలో బ్లాకు అంటే వెంట వెంట వచ్చిన రోగులు, ఉదాహరణకు నలుగురు, వారిలో సరిగ్గా ఇద్దరికి ఒక చికిత్స, ఇద్దరికి మరొకటి. ట్రయల్ రెండేళ్ళు నడిస్తే వచ్చే రోగులూ మారతారు, వారిని చూసే వైద్యులూ మారతారు, మధ్యలోనే ట్రయల్ ఆపవలసి రావచ్చు. ప్రతి నలుగురికోసారి లెక్క సరిపోతే, ఎక్కడ ఆపినా బృందాల మధ్య తేడా ఇద్దరికి మించదు, కాలంతో వచ్చిన మార్పు రెండు బృందాల మీదా దాదాపు సమానంగా పడుతుంది. ఇంతవరకు ఫిషర్ తర్కమే. అయితే రోగులు మడుల్లా ముందే వరుసగా నిలబడి లేరు. ఒక్కొక్కరుగా వస్తారు, ఎవరిని చేర్చుకోవాలో వైద్యుడు నిర్ణయిస్తాడు.

కొత్త చికిత్సను ‘క’ అనీ పాతదాన్ని ‘ప’ అనీ అనుకుందాం. నలుగురి బ్లాకులో అమరికలు ఆరే: కకపప, కపకప, కపపక, పకకప, పకపక, పపకక. ఈ ఆరింటిలో ఒకదాన్ని లాటరీతో తీసి వరుసలో పెడతారు, తర్వాతి బ్లాకుకు మళ్ళీ లాటరీ వేస్తారు. ఇచ్చిన చికిత్స ఏదో అందరికీ కనిపించే ట్రయల్‌లో, ఉదాహరణకు ఆపరేషన్‌ను మాత్రలతో పోల్చేటప్పుడు, చేరినవారి వివరాలు నోటుబుక్కులో రాసుకునే నర్సుకు బ్లాకు పరిమాణం నాలుగని తెలిస్తే ఏమవుతుందో చూడండి. మొదటి రోగి విషయంలో ఆమె ఊహ సగానికి సగమే. మొదటివారికి ‘క’ వస్తే, రెండోవారికి ‘ప’ అని ఊహించి మూడింట రెండుసార్లు నెగ్గుతుంది. మొదటి ఇద్దరికీ ఒకటే వస్తే మూడోవారిది కచ్చితంగా తెలిసిపోతుంది, అలా రావడానికి అవకాశం మూడింట ఒకటి. నాలుగోవారిది ఎప్పుడూ తెలిసిపోతుంది. సగటు తీస్తే వందమందిలో 71 మంది విషయంలో ఆమె ఊహ నిజమవుతుంది, అందులో 33 మంది విషయంలో అది ఊహ కూడా కాదు, నిశ్చయం. ఇద్దరి బ్లాకు పెడితే ఆ 71 కాస్తా 75 అవుతుంది. డేవిడ్ బ్లాక్‌వెల్, జోసెఫ్ హాడ్జెస్ 1957లోనే ఈ ఊహాగానాన్ని గణితంగా అధ్యయనం చేశారు. తక్కువగా వచ్చిన చికిత్సనే తర్వాత వస్తుందని ఊహించడం వారు పరిశీలించిన వ్యూహం, మన నర్సు చేసేదీ అదే.

ఇప్పుడు నాలుగోవారి వంతు ‘ప’ అని తెలిసింది. ఎదురుగా ఉన్న రోగి పరిస్థితి విషమంగా ఉంది, కొత్త చికిత్స దక్కితే బాగుండునని వైద్యుడి మనసు. అర్హతలో ఏదో లోపం వెతికి ఆయన్ను రెండురోజులు ఆపితే చాలు, ఆ వంతు మరొకరికి పోతుంది. ఇలా పదిసార్లు జరిగితే సంఖ్యలు అద్దంలా సమానంగానే ఉంటాయి, బృందాలు మాత్రం సమానం కావు. లెక్కలు సరిపోయాయన్న తృప్తి ఇక్కడ మోసం చేస్తుందని నా అభిప్రాయం. 1995లో కెనెత్ షుల్జ్ బృందం 250 ట్రయల్స్‌ను పరిశీలించి, కేటాయింపును సరిగ్గా దాచని వాటిలో చికిత్స ప్రభావం ఎక్కువ చేసి కనిపించిందని తేల్చింది.

నివారణ మార్గాలు ఇప్పుడు స్థిరపడ్డాయి. బ్లాకు పరిమాణాన్ని రోగులను చేర్చేవారికి చెప్పరు. పరిమాణాన్నే నాలుగు, ఆరు, ఎనిమిదిల మధ్య లాటరీతో మారుస్తారు. మందుల ట్రయల్స్‌లో పాటించవలసిన గణాంక సూత్రాలపై 1998లో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ ఈ9 ఈ రెండు జాగ్రత్తలనూ పేర్కొంది. కవర్లకు బదులు కేంద్రీయ కంప్యూటర్ నుంచి, రోగి పేరు నమోదయ్యాకే కేటాయింపు వస్తుంది. అయినా, అన్ని కేటాయింపులూ కనిపించే ట్రయల్‌లో, ఒకే ఆసుపత్రిలో, మారే పరిమాణాలు కూడా ఊహను పూర్తిగా ఆపలేవు. అతి జాగ్రత్తతో వచ్చే కష్టమూ ఉంది. 15 కేంద్రాలు, రెండు వయోవర్గాలు, రెండు తీవ్రత స్థాయులు అంటూ విడగొడితే 60 వరుసలవుతాయి. 120 మంది రోగులే ఉంటే ఒక్కో వరుసకు సగటున ఇద్దరే, నలుగురి బ్లాకుల్లో చాలావరకు సగంలోనే నిలిచిపోతాయి, ఏ సమతూకం కోసం బ్లాకు పెట్టామో అదే చేజారుతుంది.

ప్రచురితమైన ట్రయల్‌ను చదివేటప్పుడు నేను ముందుగా చూసేది బ్లాకు పరిమాణాన్ని ఎవరికి తెలియనిచ్చారన్న వాక్యం కోసం. అది లేకపోతే, చేరినప్పుడు రెండు బృందాల రోగులూ ఎలా ఉన్నారో చూపే మొదటి పట్టికకు వెళతాను. అందులో రోగ తీవ్రత ఒక బృందం వైపు మొగ్గి ఉందేమో చూస్తాను. వ్యక్తిగత స్థాయి వివరాలు అందుబాటులో ఉంటే మరింత సూటి పరీక్ష సాధ్యం. ప్రతి రోగి చేరిన క్షణానికి, అప్పటిదాకా వచ్చిన కేటాయింపులను బట్టి కొత్త చికిత్స రావడానికి ఎంత అవకాశం కనిపించేదో లెక్కగట్టి, ఆ అవకాశం ఎక్కువగా ఉన్నప్పుడు చేరినవారూ తక్కువగా ఉన్నప్పుడు చేరినవారూ ఒకే బృందం లోపల ఒకేలా ఉన్నారా అని పోల్చాలి. లాటరీ ఫలితాన్ని ఎవరూ పసిగట్టకపోతే ఆ రెండు గుంపులకూ క్రమబద్ధమైన తేడా ఉండటానికి కారణం లేదు.