రెసిడెన్స్ సర్టిఫికెట్ చూపిస్తే లోకల్ అయిపోతారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫికెట్ల సీటు చూసిన ఏళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట, "మేడం, లోకల్ సర్టిఫికెట్ కావాలి" అన్నది. ఆ పేరుతో ఇచ్చే కాగితం మా దగ్గర లేదు. అడిగేవాళ్లకు నిజంగా కావాల్సింది బోనఫైడో, రెసిడెన్సో, నేటివిటీయో తేలాలంటే, దాన్ని ఎక్కడ చూపించబోతున్నారో ముందు తెలియాలి. ఇవన్నీ ఒకే రకం కాగితాలని అనుకోవడం వల్ల తెలంగాణలో ఉద్యోగాలకు అప్లై చేసే పిల్లలు బాగా నష్టపోతున్నారు. అందుకే ముందు దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: మా ఊరు, మా ఇల్లు ఇక్కడే. రెసిడెన్స్ సర్టిఫికెట్ ఉంటే ఈ జిల్లాకు లోకల్ అయినట్టే.

వాస్తవం: బడికి వెళ్లి చదువుకున్నవాళ్ల లోకల్ హోదా బడిని బట్టే తేలుతుంది. ఇల్లు ఎక్కడుందన్నది అందులోకి రాదు. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే దక్కుతాయి. మీరు ఎక్కడి స్థానికులో తేల్చడానికి ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన ఏడేళ్లు చూస్తారు. అందులో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఇద్దరు ముగ్గురు కాదు, వందల మంది పదో తరగతి మెమో పట్టుకుని వస్తారు. దానికి కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1975 నాటి ఉత్తర్వు పదో తరగతితో ముగిసే నాలుగేళ్లను చూసేది. అన్నలు, అక్కలు ఆ లెక్కన ఉద్యోగాలు తెచ్చుకున్నారు కాబట్టి ఇళ్లల్లో ఇప్పటికీ అదే మాట నడుస్తోంది.

ఒక తండ్రి సంగతి చెబుతాను. గుర్తు పట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. బోధన్ నుంచి వచ్చాడాయన. కూతురు నిజామాబాద్ జిల్లా కేడర్ పోస్టుకు లోకల్‌గా అప్లై చేసింది, పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు.

"మేడం, మా తాతల కాలం నుంచి బోధన్‌లనే ఉన్నం. రెసిడెన్స్ జల్ది ఇప్పియ్యండి, టెన్షన్‌గా ఉంది" అన్నాడు.

"అన్నా, పాప ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివింది?" అని అడిగాను.

మూడో తరగతి దాకా బోధన్‌లో చదివింది. నాలుగు నుంచి ఏడు వరకు మేనత్త ఇంట్లో ఉండి కూకట్‌పల్లిలో చదివింది. ఎనిమిదిలో మళ్లీ బోధన్ వచ్చేసింది. పది, ఇంటర్, డిగ్రీ అన్నీ నిజామాబాద్ జిల్లాలోనే. ఓటు, ఆధార్, రేషన్ కార్డు కూడా అక్కడే. మనసుకు ఆ అమ్మాయి పక్కా నిజామాబాద్ పిల్ల. కానీ లెక్కలో బోధన్‌కు మూడేళ్లు, కూకట్‌పల్లికి నాలుగేళ్లు పడ్డాయి. కాబట్టి ఆమె నిజామాబాద్‌కు నాన్‌లోకల్.

ఆయన హైదరాబాద్ లోకల్ అయితదా మరి అని అడిగాడు. అదీ కాదు. మనం మాటల్లో హైదరాబాద్ అంటాం గానీ కూకట్‌పల్లి ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఆమె జిల్లా పోస్టులకు అక్కడ లోకల్, కొన్ని జిల్లాలను కలిపిన జోన్ పోస్టులకు చార్మినార్ జోన్‌లో లోకల్. నిజామాబాద్ ఉండేది బాసర జోన్‌లో. కొన్ని జోన్లను కలిపిన మల్టీ జోన్లు కూడా రెండింటికీ వేరే. నేను రెసిడెన్స్ సర్టిఫికెట్ ఇప్పించగలను, ఎందుకంటే వాళ్లు బోధన్‌లో ఉంటున్న మాట నిజం. అయితే టీజీపీఎస్‌సీ నోటిఫికేషన్లలో స్పష్టంగా రాసి ఉంటుంది: బడిలో చదువుకున్న అభ్యర్థి తప్పనిసరిగా స్టడీ సర్టిఫికెట్లే చూపాలి, రెసిడెన్స్ తీసుకోరు. రెసిడెన్స్ పనికొచ్చేది అసలు బడికి వెళ్లకుండా ఓపెన్ యూనివర్సిటీ ద్వారా నేరుగా డిగ్రీ చేసినవాళ్లలాంటి వాళ్లకే.

ఆ అమ్మాయి అప్లికేషన్ నింపిన రోజే ఈ లెక్క వేసుకుని ఉంటే మేడ్చల్ పోస్టులకు లోకల్‌గా పోటీ పడేది. నిజామాబాద్‌లో ఆమెకు మిగిలింది అందరికీ తెరిచి ఉండే ఆ 5 శాతమే. ఆ తండ్రి కుర్చీలో కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

లెక్క వేసేటప్పుడు రెండు మెలికలు వస్తాయి. రెండు చోట్లా సమానంగా చదివితే, ఆ రెండింటిలో చివరగా చదివిన చోటు లెక్కలోకి వస్తుంది. మూడేళ్లు బోధన్, మూడేళ్లు కూకట్‌పల్లి, ఏడో తరగతి కరీంనగర్ అనుకోండి. ఆఖరున చదివింది కరీంనగర్ అయినా అక్కడ ఒక్క ఏడాదే. పోటీ బోధన్‌కూ కూకట్‌పల్లికీ మధ్యే, వాటిలో తర్వాత చదివింది కూకట్‌పల్లి.

రెండో మెలిక, జిల్లా పోస్టుకూ జోన్ పోస్టుకూ లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. మూడేళ్లు హైదరాబాద్, రెండేళ్లు నిజామాబాద్, రెండేళ్లు నిర్మల్‌లో చదివిన అబ్బాయి జిల్లా పోస్టుకు హైదరాబాద్ లోకల్. జోన్ పోస్టుకు వచ్చేసరికి నిజామాబాద్, నిర్మల్ రెండూ బాసర జోన్ కాబట్టి నాలుగేళ్లు అవుతాయి, అతను బాసర లోకల్ అవుతాడు. ఒకే మనిషి, రెండు జవాబులు, రెండూ సరైనవే.

అపోహ: బోనఫైడ్ అంటే బడివాళ్లు స్టాంప్ వేసి ఇచ్చే ఏ కాగితమైనా సరిపోతుంది.

వాస్తవం: బోనఫైడ్ అనేది లాటిన్ మాట, నిజాయితీగా, అసలైన అని దాని అర్థం. కాలేజీ ఇచ్చే బోనఫైడ్ "ఈ విద్యార్థి ప్రస్తుతం మా దగ్గర ఫలానా కోర్సు చదువుతున్నాడు" అని చెబుతుంది. బస్ పాస్‌కు, స్కాలర్‌షిప్‌కు, బ్యాంకు లోన్‌కు అది చాలు. ఉద్యోగానికి అడిగేది పాత చదువు రుజువు: ఏ తరగతి, ఏ విద్యా సంవత్సరం, ఏ బడి, ఏ ఊరు. జనం దీన్నీ బోనఫైడ్ అనే అంటారు, బడుల్లో స్టడీ సర్టిఫికెట్ అంటారు. అందుకే బడికి వెళ్లి ఉత్త బోనఫైడ్ ఇవ్వండి అనకండి. ఒకటి నుంచి ఏడు వరకు తరగతి వారీగా, సంవత్సరాలతో స్టడీ సర్టిఫికెట్ కావాలని అడగండి. బడులు మారి ఉంటే ప్రతి బడి నుంచీ తెచ్చుకోవాలి.

చేతికి వచ్చాక అక్కడే నిలబడి చదవండి. నేను మొదట చూసేది సంవత్సరాల వరుస. మూడో తరగతి ఒక బడిలో 2008-09 అని ఉండి, నాలుగో తరగతి ఇంకో బడిలో 2010-11 అని ఉంటే మధ్యలో ఏడాది ఏమైందని అడుగుతారు. చాలాసార్లు అది రాసినవాళ్ల పొరపాటే, అడ్మిషన్ రిజిస్టర్ తీయిస్తే తేలిపోతుంది. ఆ తర్వాత చూసేది జిల్లా పేరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. కామారెడ్డిలో చదివినవాళ్ల పాత టీసీలో నిజామాబాద్ జిల్లా అనే ఉంటుంది, అప్పటికి అది సరైనదే. లెక్కకు మాత్రం ఆ బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూస్తారు. కామారెడ్డి జిల్లానే కాదు, జోన్ కూడా మారి రాజన్న జోన్‌లోకి వెళ్లింది. కాబట్టి సర్టిఫికెట్‌లో ఊరు, మండలం, ఇప్పటి జిల్లా రాయించుకోండి. బడి మూతపడి ఉంటే ముందుగా మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డుల గురించి అడగాలి.

అపోహ: నేటివిటీ ఉంటే స్థానికత రుజువైనట్టే.

వాస్తవం: నేటివిటీ మీ సొంతూరు ఏదో చెబుతుంది, అంతవరకే. మన దగ్గర కుల ధ్రువీకరణ పత్రం అసలు పేరే "కమ్యూనిటీ, నేటివిటీ, పుట్టినతేదీ సర్టిఫికెట్". చాలామంది ఇళ్లల్లో నేటివిటీ ఇప్పటికే ఉంటుంది, తెలియక మళ్లీ అప్లై చేస్తారు. సొంతూరు బోధన్ అయినంత మాత్రాన చదువు లెక్క మారదు.

అపోహ: డొమిసైల్ అంటే మన రాష్ట్ర పౌరుడని గుర్తింపు.

వాస్తవం: రాష్ట్ర పౌరసత్వం అనేది మన దేశంలో లేదు. డొమిసైల్ అన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం ప్రకారం భారతీయులందరికీ ఒకటే డొమిసైల్, అది భారతదేశం. సుప్రీంకోర్టు ఈ సంగతి 1984లో ప్రదీప్ జైన్ కేసులో చెప్పింది, 2025 జనవరిలో పీజీ మెడికల్ సీట్ల తీర్పులో మళ్లీ చెప్పింది. అయినా ఫారాల్లో ఆ మాట పోలేదు. అక్కడ వాళ్లు అడుగుతున్నది నివాసం. మా దగ్గర దాని పేరు రెసిడెన్స్ సర్టిఫికెట్, మీసేవలో అప్లై చేస్తే గిర్దావర్ విచారణ తర్వాత తహసీల్దార్ ఇస్తారు. అడిగినవాళ్లు సొంత నమూనా ఇచ్చి ఉంటే ఆ నమూనా వెంట తెచ్చుకోండి. కొన్నిచోట్ల ఎన్నేళ్లుగా ఉంటున్నారో కూడా రాయాలంటారు, మామూలు సర్టిఫికెట్ పట్టుకెళ్తే తిప్పి పంపుతారు.

అపోహ: ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో 8 లక్షలు దాటితే ఓబీసీ కోటా పోయినట్టే.

వాస్తవం: ఇన్‌కమ్ సర్టిఫికెట్ కుటుంబానికి ఏడాదికి అన్ని రకాలుగా వచ్చే ఆదాయం చెబుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, స్కాలర్‌షిప్‌కు అదే కావాలి. వేరే ఏ రిజర్వేషనూ లేని పేద కుటుంబాల కోటా ఈడబ్ల్యూఎస్‌కూ, ఓబీసీల్లో బాగా స్థిరపడినవాళ్లు కాదని చెప్పే నాన్ క్రీమీలేయర్‌కూ 8 లక్షలే హద్దు కావడంతో మూడూ ఒకటే అనిపిస్తుంది. అంకె ఒకటే, లెక్కించే పద్ధతి వేరు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు, పైగా కేంద్రంలో ఆస్తి కూడా చూస్తారు. ఐదెకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా కేంద్రంలో ఈడబ్ల్యూఎస్ రాదు. కేంద్రంలో ఓబీసీ ఆదాయ పరీక్షలో మాత్రం జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. అక్కడ ప్రభుత్వ ఉద్యోగి అయితే తల్లిదండ్రుల పోస్టు స్థాయిని విడిగా చూస్తారు.

గ్రూప్ సి స్థాయి ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఏడాదికి 9 లక్షల జీతం తీసుకునే బీసీ తండ్రిని తీసుకోండి. భార్య ఇంట్లోనే ఉంటుంది, వేరే ఆదాయం లేదు. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో 9 లక్షలు పడుతుంది. అది చూసి "మనకు రాదులే" అని జనరల్‌లో అప్లై చేయించిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ పిల్లలకు నాన్ క్రీమీలేయర్ వస్తుంది, ఎందుకంటే జీతం తీసేస్తే ఆదాయం సున్నా, పోస్టు కూడా హద్దులోపలే ఉంది. కేంద్ర సంస్థల సీటుకో ఉద్యోగానికో అప్లై చేసేటప్పుడు ఇన్‌కమ్ సర్టిఫికెట్ అని కాకుండా, కేంద్ర నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ అని అడగండి. ఆ అప్లికేషన్‌కు తండ్రి జీతం స్లిప్పుతో పాటు ఆయన పోస్టు ఏ గ్రూపో చూపే కాగితం కూడా జత చేయండి.