పంప్ యాక్షన్ షాట్‌గన్: "టిక్" అంది, పేలలేదు. తప్పు ఎవరిది?

ఆర్మరీలో రిపేరుకు వచ్చే పంప్ గన్లతో పాటు ఒకటే ఫిర్యాదు వస్తుంది: "సార్, ఇది జామ్ అవుతోంది." విప్పి చూస్తే చాలాసార్లు అందులో లోపమేమీ ఉండదు. లోపల ఏ భాగం ఎప్పుడు కదులుతుందో తెలియక వచ్చే ఇబ్బంది అది. ఉదాహరణకు రెమింగ్టన్ 870 తీసుకుంటాను. 1950లో అమెరికాలో వచ్చింది, కోటికి పైగా తయారైంది. మిగతా కంపెనీల గన్లలో భాగాల ఏర్పాటు కొంత వేరుగా ఉంటుంది.

అపోహ: బ్యారెల్ కింద చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించే పిడిని ముందుకు తోసినప్పుడు మేగజైన్‌లోంచి షెల్, అంటే తూటా, బయటికి వస్తుంది.

కాదు, వెనక్కి లాగినప్పుడే వస్తుంది. అదీ లాగుడు చివర్లో. మేగజైన్ అంటే బ్యారెల్ కింది ట్యూబ్. అందులో ఉన్న స్ప్రింగు షెల్స్‌ని ఎప్పుడూ వెనక్కి నెడుతూనే ఉంటుంది. వాటిని ఆపేవి, గన్ మధ్యలో ఈ భాగాలన్నీ ఇమిడి ఉండే లోహపు పెట్టె, అంటే రిసీవర్, గోడలకు ఇరువైపులా ఉన్న రెండు షెల్ లాచ్‌లు. గన్ మూసి ఉన్నప్పుడు మొదటి షెల్‌ని ఎడమ లాచ్ పట్టుకుని ఉంటుంది. ముందు పిడికి బిగించిన రెండు ఉక్కు పట్టీలూ పిడితో పాటే వెనక్కి వస్తాయి. పూర్తిగా వెనక్కి చేరేసరికి ఎడమ పట్టీ ఎడమ లాచ్‌ని పక్కకి నొక్కుతుంది. దాంతో షెల్ జారి, కింద దాన్ని పైకెత్తడానికి ఉన్న పలక, అంటే క్యారియర్, మీద పడుతుంది. ఆపాటికే లోపలికి వచ్చి ఉన్న కుడి లాచ్ రెండో షెల్‌ని అడ్డుకుంటుంది. లేకపోతే రెండూ ఒకేసారి మీద పడేవి.

ముందుకు తోసినప్పుడు జరిగేది వేరు. ఆ పట్టీల వెనక చివర ఉండి బోల్టుని మోసే స్లయిడ్ వెళ్తూ వెళ్తూ క్యారియర్ వెనక ఉన్న చిన్న నాలుకని కిందకి నొక్కుతుంది. దాంతో క్యారియర్ ముందు భాగం లేచి షెల్‌ని బోల్టు దారిలోకి తెస్తుంది. బోల్టు దాన్ని బ్యారెల్ వెనక చివర షెల్ పేలే చోటు, అంటే ఛాంబర్‌లోకి తోస్తుంది, క్యారియర్ మళ్లీ దిగిపోతుంది. ఈలోగా కుడి పట్టీ కుడి లాచ్‌ని వదిలిస్తుంది, రెండో షెల్ కాస్త జరిగి ఎడమ లాచ్ దగ్గర ఆగుతుంది. చివర్లో బోల్టులోని లాకింగ్ బ్లాక్ పైకి లేచి బ్యారెల్ వెనక భాగంలోని గాడిలో కూర్చుంటుంది. అది సరిగ్గా కూర్చుంటేనే షెల్‌ని పేల్చే ఫైరింగ్ పిన్ ముందుకు వెళ్లగలదు.

అపోహ: టిక్ అని ఊరుకుందంటే షెల్ పాడైపోయినట్టే.

ఇక్కడే అందరూ పొరబడతారు. ఒకరు ఒక రౌండ్ పేల్చి, కంగారులో పిడిని ముప్పావు వరకే లాగారనుకోండి. బోల్టు మీది కొక్కెం ఖాళీ షెల్‌ని ఛాంబర్‌లోంచి లాగింది. కానీ రిసీవర్ ఎడమ గోడకున్న ఎజెక్టర్ దాకా అది రాలేదు. షెల్ అంచు ఎజెక్టర్‌కి తగిలితేనే ఖాళీ షెల్ కుడివైపు కిటికీలోంచి ఎగిరిపోతుంది. ఎడమ లాచ్ కూడా తెరుచుకోలేదు కాబట్టి కొత్త షెల్ క్యారియర్ మీదకి రాలేదు. ఇప్పుడు ముందుకు తోస్తే ఆ ఖాళీదే మళ్లీ ఛాంబర్‌లో దూరుతుంది. ఫైరింగ్ పిన్‌ని కొట్టే హ్యామర్ మాత్రం కాక్ అయ్యే, అంటే కొట్టడానికి సిద్ధంగానే, ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టిక్, అంతే.

టిక్ అనగానే మాత్రం తెరవకండి. బ్యారెల్ సురక్షితమైన వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత పూర్తిగా లాగి, బయటపడినదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మూతి విచ్చుకున్న ఖాళీ షెల్ అయితే అది సగం లాగుడు వల్లే. మూతి మూసే ఉండి, షెల్ అడుగున మందుకి నిప్పు రాజేసే ప్రైమర్ మీద గుంట లోతుగా పడి ఉంటే షెల్‌ని అనుమానించవచ్చు. గుంట తేలిగ్గా ఉంటే లేదా అసలు లేకపోతే ఫైరింగ్ పిన్, హ్యామర్ స్ప్రింగు, బోల్టు పూర్తిగా మూసుకుందా లేదా అన్నది చూడాలి.

అపోహ: పిడి కదలడం లేదంటే తుప్పు పట్టింది, గట్టిగా గుంజాలి.

కాక్ అయి, మూసి ఉన్న గన్ పిడి కదలకూడదు. పేల్చకుండా తెరవాలంటే ట్రిగ్గర్ గార్డు ముందు ఎడమవైపున్న చిన్న మీట నొక్కాలి. పేల్చేటప్పుడు చేత్తో పిడిని వెనక్కి బిగించి పట్టుకున్నా ఆ లాక్ వెంటనే విడవదు. పేలినప్పుడు గన్ వెనక్కి తన్నే రికాయిల్‌కి పిడి కొంచెం ముందుకు జరిగాకే విడుస్తుంది. షెల్ ఆలస్యంగా పేలినా బోల్టు తెరుచుకుని ఉండకుండా ఈ ఏర్పాటు. రికాయిల్ చేసే సాయం ఇంతే. తర్వాతి షెల్‌ని ఎక్కించేది చెయ్యే.

అపోహ: మేగజైన్ నింపేటప్పుడు షెల్ లోపలికి పోతే చాలు.

లాచ్ దాటి క్లిక్‌మనేదాకా బొటనవేలితో నెట్టాలి. సగంలో వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోసి, క్యారియర్‌కీ బోల్టుకీ మధ్యలో పడేస్తుంది. ఇక బోల్టు తెరుచుకోదు. ఇది నిజమైన జామ్. పాత 870ల్లో దీన్ని తీయడానికి చాలా తిప్పలు పడాలి. తర్వాత వచ్చిన వాటి క్యారియర్ మధ్యలో చీలిక, వంగే నాలుక ఉంటాయి కాబట్టి ఇరుక్కున్న షెల్‌ని తీయడం సులువు. మీ గన్‌లో ఏది ఉందో తెలుసుకోవాలంటే, బోల్టు తెరిచి ఛాంబర్‌లోనూ ట్యూబ్‌లోనూ ఏమీ లేదని వేలు పెట్టి తడిమి చూశాక, గన్‌ని తిరగేసి క్యారియర్ అడుగు చూడండి.