బ్యాగ్ ఫైల్ ప్లే చేస్తే రోబోట్ మళ్లీ నడిచినట్టేనా? అపోహలు - వాస్తవాలు

గోడౌన్‌లో తిరిగే మా రోబోట్ తిన్నగా వెళ్లినంతసేపూ బాగానే ఉండేది. మలుపు తిరిగితే చాలు, మ్యాప్‌లో తానెక్కడుందో తప్పు చూపించేది. పని జరిగే గోడౌన్‌లో దాన్ని ఆపి గంటలకొద్దీ చూసే వీలు లేదు. అందుకే రోబోట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ రాస్ 2లో ఐదు నిమిషాల పరుగును, అంటే అప్పుడు వచ్చిన సెన్సర్ డేటాను టైమ్‌తో సహా, బ్యాగ్ ఫైల్‌గా రికార్డ్ చేసి తెచ్చుకుని, ఆఫీసులో ల్యాప్‌టాప్ మీద ప్లే చేశాం. రోబోట్ తప్పు కంటే ముందు మా అపోహలే బయటపడ్డాయి.

అపోహ: `-a` పెట్టి అన్ని టాపిక్‌లూ రికార్డ్ చేసేస్తే నిశ్చింత

టాపిక్ అంటే ఒక్కో రకం డేటా వచ్చే దారి. మొదటి బ్యాగ్ అలాగే చేశాం. కంప్రెస్ చేయని 640×480 కలర్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు పంపితే, ఆ ఒక్క టాపిక్కే సెకనుకు 27 ఎంబీ దాటుతుంది. రోబోట్‌లోని మెమరీ కార్డు అంత వేగంగా రాయలేక మెసేజ్‌లు జారిపోయాయి. `ros2 bag info` చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. లేజర్ కిరణాలతో చుట్టూ దూరాలు కొలుస్తూ సెకనుకు 10 స్కాన్‌లు ఇచ్చే లైడార్‌కి 300 సెకన్లలో 3,000 ఉండాలి, మాకు 2,600 చిల్లర వచ్చాయి. పైగా రికార్డింగ్ భారం వల్ల రోబోట్ నడకే మారిపోవచ్చు. రెండోసారి `/scan`, `/odom`, `/tf`, `/tf_static` మాత్రమే తీసుకున్నాం.

అపోహ: ప్లే చేస్తే చాలు, టైమ్ సంగతి అదే చూసుకుంటుంది

బ్యాగ్‌లోని డేటా పోయిన వారానిది, ల్యాప్‌టాప్ గడియారం ఇవాళ్టిది. "ఇప్పుడు రోబోట్ ఎక్కడుంది" అని అడిగే నోడ్‌కి, అంటే రాస్‌లో నడిచే ప్రోగ్రామ్‌కి, ఏది దేనికి ఎక్కడుందో చెప్పే పాత ట్రాన్స్‌ఫార్మ్‌లే కనిపిస్తాయి, `extrapolation into the future` అంటూ గోల మొదలవుతుంది. ప్లే చేసేటప్పుడు `--clock` ఇవ్వాలి, నడిపే ప్రతి నోడ్‌కీ `use_sim_time` ట్రూ చెయ్యాలి. అన్నీ తెర మీద చూపించే `rviz2`కి కూడా. చాలామంది మర్చిపోయేది దాన్నే.

అదయ్యాక ఇంకో వింత. తెర మీద రోబోట్ రెండు చోట్ల మధ్య మినుకుమినుకుమంటోంది! కారణమేమిటంటే, మ్యాప్‌లో రోబోట్ స్థానాన్ని అంచనా వేసే `amcl` నోడ్ గోడౌన్‌లో అప్పట్లో లెక్కగట్టిన `map` నుంచి `odom` ట్రాన్స్‌ఫార్మ్ కూడా బ్యాగ్‌లోని `/tf`లోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో మేం నడిపే `amcl` కూడా అదే పంపుతోంది. `/tf`ని పూర్తిగా తీసేస్తే చక్రాల లెక్క కూడా పోతుంది. కాబట్టి దాని పేరు మార్చి ప్లే చేశాం:

```
ros2 bag play run2 --clock 100 --remap /tf:=/tf_bag
```

`/tf_bag` వింటూ, ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మ్‌ని వదిలేసి మిగతావన్నీ `/tf`కి పంపే చిన్న నోడ్ రాశాం. మినుకు ఆగింది.

అపోహ: బ్యాగ్‌లో కనిపించే టైమే సెన్సర్ చూసిన టైమ్

మా తప్పు దొరికింది ఇక్కడే. ప్రతి స్కాన్ మెసేజ్‌కీ రెండు టైమ్‌లుంటాయి: రికార్డర్‌కి అది అందిన టైమ్ ఒకటి, మెసేజ్ లోపల డ్రైవర్ రాసిన `header.stamp` ఒకటి. స్కాన్‌లో ఈ స్టాంప్ మొదటి కిరణం పడిన క్షణాన్ని చెప్పాలి. మా లైడార్ ఒక చుట్టు తిరగడానికి 100 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అందిన టైమ్‌లోంచి స్టాంప్ తీసేస్తే కనీసం 100 రావాలి. మాకు 2 వచ్చింది! చూడ్డానికి ఎంతో బాగున్న అంకె, అసలు అసాధ్యమైన అంకె. చుట్టు పూర్తయ్యాక, పంపే ముందు డ్రైవర్ స్టాంప్ వేస్తోందన్నమాట.

తిన్నగా వెళ్లేటప్పుడు దీని ప్రభావం పెద్దగా కనిపించదు. సెకనుకు ఒక రేడియన్ వేగంతో తిరిగేటప్పుడు మాత్రం 100 మిల్లీసెకన్లంటే 5.7 డిగ్రీలు. 5 మీటర్ల దూరంలోని గోడ దగ్గర మొదటి కిరణం దాదాపు అర మీటరు పక్కకు పడుతుంది.

స్టాంప్‌ని 100 వెనక్కి జరిపితే సరిపోతుందనుకున్నాం, చాల్లేదు. `amcl` స్కాన్ మొత్తం ఒకే క్షణంలో పడినట్టు లెక్కేస్తుంది కాబట్టి అప్పుడు తప్పు చివరి కిరణానికి మారింది. 50 జరిపితే రెండు కొసల్లోనూ 2.9 డిగ్రీలే మిగిలి, సగటున సరిపోయింది. మలుపులో జారడం పోయింది. `amcl` స్థానం అంచనాలైన కణాలను యాదృచ్ఛికంగా చల్లుతుంది గనక, ఒక్కసారి బాగా వచ్చిందని నమ్మకుండా ఒకే మొదటి స్థానం ఇచ్చి ఐదుసార్లు ప్లే చేశాం.

అపోహ: బ్యాగ్‌లో సరైతే రోబోట్‌లోనూ సరైనట్టే

ల్యాప్‌టాప్‌లో కంట్రోలర్ "ఎడమకు తిరుగు" అన్నా, బ్యాగ్‌లోని లైడార్ ఆ రోజు చూసిందే చూపిస్తుంది. అందుకే స్థానం లెక్కను పరీక్షించడానికి బ్యాగ్ పనికొస్తుంది గానీ, సరిచేసిన స్థానంతో రోబోట్ మలుపు ఎలా తీసుకుంటుందో చెప్పలేదు. దానికి మళ్లీ గోడౌన్‌కి వెళ్లాల్సిందే. వెళ్లి, డ్రైవర్‌లోనే స్టాంప్ మార్చి నడిపి చూశాం. పాత బ్యాగ్‌లలో స్టాంప్‌లు ఇంకా తప్పుగానే ఉన్నాయి. వాటిని ప్లే చేసే ప్రతిసారీ ఆ 50 మిల్లీసెకన్లు జరిపే నోడ్ పక్కన నడుస్తుండాలి, కొత్త వాటికి నడవకూడదు. ఏది ఏ రకమో ఫోల్డర్ పేరులోనే రాసి పెట్టుకున్నాం.