గుట్ట మీద వాలు ఏ వైపుది? పాక్షిక అవకలజాలపై రెండు అపోహలు

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. y ని స్థిరంగా ఉంచి x తో అవకలనం చేయమంటే టకటకా చేస్తారు. వచ్చిన సంఖ్య ఏ వైపు వాలు అని అడిగితేనే టెన్షన్. ఇక్కడ ఎటు చూసినా కొండలే కాబట్టి కొండ మీదే చెబుతాను. మహేంద్రగిరి మన సూత్రాలకు లొంగదు గనక ఒక ఊహా గుట్టను తీసుకుందాం:

h(x, y) = 600 − 0.002x² − 0.001y²

x తూర్పుకు, y ఉత్తరానికి, అన్నీ మీటర్లలో. శిఖరం (0, 0) దగ్గర ఉంది. మనం (−75, −200) దగ్గర, అంటే శిఖరానికి నైరుతిగా నిలబడ్డాం. ∂h/∂x = −0.004x, కాబట్టి తూర్పుకు వాలు 0.3. ∂h/∂y = −0.002y, కాబట్టి ఉత్తరానికి వాలు 0.4.

అపోహ: రెండింట్లో పెద్దదే అక్కడి గరిష్ఠ వాలు.

కాదు. 0.4 కేవలం ఉత్తరం వైపు సంగతి. "అయితే ఈశాన్యానికి నడిస్తే రెండూ కలిసి 0.7 కదా సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మీటరు తూర్పుకు, మీటరు ఉత్తరానికి జరిగితే ఎత్తు సుమారు 0.7 మీటర్లు పెరిగే మాట నిజమే. కానీ ఏటవాలుగా జరిగిన దూరం 1.414 మీటర్లు. వాలు అంటే మీటరుకు ఎంత ఎక్కామన్నది, కాబట్టి 0.7ను 1.414తో భాగించాలి. 0.495 వస్తుంది. దిశకు పొడవు 1 ఉండాలన్న నియమం మరిచిపోతే పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే.

గరిష్ఠ వాలు √(0.3² + 0.4²) = 0.5. దాని దిశ (0.6, 0.8), ఈశాన్యం కంటే కాస్త ఉత్తరానికి. అదే చోట 4 మీటర్లు తూర్పుకు, 3 మీటర్లు దక్షిణానికి పోయే దిశ చూడండి: 4 × 0.3 − 3 × 0.4 = 0. అటు వాలే లేదు. మ్యాపుల్లో సమోన్నత రేఖ ఆ బిందువు దగ్గర సాగేది అటే. తూర్పు, ఉత్తరం మనం ఎంచుకున్నవి. అక్షాలను తిప్పితే 0.3, 0.4 మారతాయి, 0.5 మాత్రం మారదు.

అపోహ: రెండు పాక్షిక అవకలజాలు తెలిస్తే ఏ దిశలో వాలైనా తెలిసినట్టే.

మన గుట్ట నున్నగా ఉంది కాబట్టి తెలిసింది. f(x, y) = √|xy| తీసుకోండి. రెండు అక్షాల మీదా f సున్నాయే, కాబట్టి మూలబిందువు దగ్గర రెండు అవకలజాలూ సున్నా. పై పద్ధతి ప్రకారం ఏ దిశలోనైనా వాలు సున్నా రావాలి. కానీ x = y = t గీత మీద f = |t|. నడిచిన దూరం 1.414|t| కాబట్టి మూలబిందువు నుంచి ఈశాన్యానికి కదిలినా, నైరుతికి కదిలినా వాలు 0.707తో ఎక్కడమే.

ఇది ముందే పట్టుకోవడం ఎలా? అవకలజాన్ని ఆ బిందువు చుట్టుపక్కల కూడా కట్టి చూడాలి. x = y > 0 గీత మీద ∂f/∂x ఎప్పుడూ 1/2, మూలబిందువుకు ఎంత దగ్గరైనా అంతే. అక్కడికి చేరగానే 0. ఇలా తెగిపోతే సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదు. రెండు అవకలజాలూ ఆ బిందువు దగ్గర అవిచ్ఛిన్నంగా ఉంటే నిశ్చింతగా వాడొచ్చు. ఈ షరతు చాలు, కానీ తప్పనిసరి కాదు: అవకలజాలు తెగినా సూత్రం నిలిచే ప్రమేయాలు ఉన్నాయి, వాటికి నిర్వచనం నుంచే లెక్క కట్టాలి.