జాలీకి ప్రాణం దాని మందంలో ఉంది

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ మధ్య కట్టిన ఇళ్ల వైపు చూడండి. ఎలివేషన్ మీద ఎక్కడో ఒకచోట జాలీ కనబడుతుంది. ఎక్కువగా అది రెండు మూడు మిల్లీమీటర్ల ఇనప రేకు. లేజర్‌తో పూలూ తీగలూ కోసి, నల్ల రంగు కొట్టి, బాల్కనీకి బిగిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మే నెల సాయంత్రం నాలుగింటికి ఆ బాల్కనీలో నిలబడితే ఎండ నేరుగా ముఖానికే కొడుతుంది. పాత కట్టడాల్లో జాలీ చేసిన పని ఇక్కడ ఎందుకు జరగడం లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మనకు దగ్గరలో ఉన్న చాలా పాత జాలీలు అలంపురంలో ఉన్నాయి. తుంగభద్ర ఒడ్డున 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యుల కాలంలో కట్టిన నవబ్రహ్మ ఆలయాలివి. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారి ఉంటుంది. దానికి వెలుతురు ఇచ్చేవి గోడల్లో అమర్చిన రాతి జాలకాలే. రాతిని తొలిచి చేసిన ఆ రంధ్రాలు లోతుగా ఉంటాయి. పై నుంచి వచ్చే ఎండ రంధ్రం అడుగున తగిలి, అక్కడి నుంచి చెదిరి, మెత్తబడి లోపలికి వస్తుంది. బయట రాయి కాలుతున్నా లోపల కళ్లకు హాయిగా ఉండడానికి కారణం ఇదే. జాలీ మొఘలులతో వచ్చిందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. రాతి అల్లికను సన్నగా, తేలిగ్గా చేసి శిఖరానికి తీసుకెళ్లింది మాత్రం తర్వాతి కాలమే. ఫతేపూర్ సిక్రీలో సలీం చిష్తీ సమాధి చుట్టూ ఉన్న పాలరాతి తెరలు, అహ్మదాబాద్‌లో 1573 నాటికి పూర్తయిన సీదీ సయ్యద్ మసీదులో చెట్టు కొమ్మలు అల్లుకున్నట్టుండే జాలీలు అందుకు సాక్ష్యం. మన హైదరాబాద్‌లోనే పైగా సమాధుల దగ్గర ఈ పనితనం దగ్గరగా చూడొచ్చు.

చాటు సంగతికి వస్తే జైపూర్ హవా మహల్ అందరికీ తెలిసిన ఉదాహరణ. 1799లో కట్టిన ఆ భవనానికి 953 చిన్న కిటికీలున్నాయి. రాజకుటుంబం ఆడవాళ్లు వాటి వెనక నిలబడి వీధిలో ఊరేగింపులు చూసేవాళ్లు. వీధి మంచి వెలుగులో ఉంటుంది, జాలీ వెనక గది నీడలో ఉంటుంది. నీడలో ఉన్న కంటికి వెలుగులో ఉన్నది స్పష్టంగా కనబడుతుంది. వీధిలో ఉన్నవాళ్లకు మాత్రం నల్లటి రంధ్రాలే కనబడతాయి. అంటే చాటు ఇచ్చేది జాలీ ఒక్కటే కాదు, లోపలికీ బయటికీ వెలుగులో ఉన్న తేడా కూడా. రాత్రి లోపల లైటు వేసి బయట చీకటైతే ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

గాలి విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. సన్నని రంధ్రంలోంచి దూరేటప్పుడు గాలి వేగం పెరిగి చల్లబడుతుందని చెబుతారు, రాస్తారు కూడా. వేగం రంధ్రం దగ్గర కొంచెం పెరిగే మాట నిజమే. కానీ సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచే గాలిలో కూడా దానివల్ల తగ్గే వేడి డిగ్రీలో దాదాపు వందో వంతు. మనిషికి తెలియనే తెలియదు. జాలీ ఉన్న గది చల్లగా అనిపించడానికి కారణాలు వేరు. గోడలూ నేలా ఎండకు కాలవు, ఒంటి మీద గాలి ఆడి చెమట ఆరుతుంది. ఆ గాలి ఆడాలంటే ఎదురుగా బయటికి పోయే దారి ఉండాలి. ఒక గోడకు జాలీ పెట్టి మిగతా మూడు గోడలు మూసేస్తే ఎంత అందమైన జాలీ అయినా గాలి తేలేదు.

స్వాతంత్ర్యం తర్వాత జాలీ రాయిని వదిలి సిమెంటులోకి వచ్చింది. ఢిల్లీలో 1959లో ప్రారంభమైన అమెరికా రాయబార కార్యాలయానికి ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ అద్దం గోడల ముందు చుట్టూ జాలీ తెర కట్టాడు. మన ఊళ్లలో మధ్యతరగతి ఇళ్లకు అందింది మాత్రం అచ్చులో పోసిన సిమెంటు జాలీ దిమ్మ. మా ఇంటి మెట్ల దగ్గర అలాంటివే ఉండేవి. మధ్యాహ్నం మెట్ల మీద పూల ఆకారంలో వెలుగు మచ్చలు పడేవి. చిన్నప్పుడు వాటి మీద కాలు పడకుండా మెట్లెక్కడం మాకో ఆట. ఎండ తిరిగేకొద్దీ ఆ మచ్చలు సన్నబడి గీతలయ్యేవి. దిమ్మ మందం ఎండను కోసేస్తోందని అప్పుడు తెలియదు.

జాలీని నిజంగా అర్థం చేసుకుని మళ్లీ వాడినవాళ్లలో నాకు ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ముందు గుర్తొస్తాడు. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలకు ఆయన ఇటుకల మధ్య ఖాళీలు వదిలి గోడలే జాలీలుగా కట్టాడు. చెక్క ఫ్రేము, రెక్కలు, ఊచలు అక్కర్లేదు, ఇటుకలూ తక్కువ పడతాయి. ఖర్చు తగ్గించాలన్న పట్టుదలే ఆ అందాన్ని తెచ్చింది.

ఆ ఇటుక జాలీని మన ఎండకు పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో మే చివర సాయంత్రం 4 గంటలకు సూర్యుడు నేల నుంచి సుమారు 36 డిగ్రీల ఎత్తులో, దాదాపు పడమరన ఉంటాడు. 5 గంటలకు 23 డిగ్రీలకు దిగుతాడు. పడమటి గోడకు నాలుగున్నర అంగుళాల మందంలో, 3 అంగుళాల ఎత్తు రంధ్రాలతో ఇటుక జాలీ కట్టామనుకోండి. 34 డిగ్రీల పైనున్న ఎండ ఏదీ అందులోంచి నేరుగా రాలేదు. అంటే నాలుగింటి ఎండ ఆగిపోయింది. గోడను 9 అంగుళాలు చేస్తే ఆ హద్దు 18 డిగ్రీలకు దిగుతుంది, ఐదింటి ఎండ కూడా ఆగుతుంది. ఆ తర్వాతి ఎండ ఎలాగూ లోపలికి వస్తుంది, కానీ అప్పటికి దాని తీవ్రత తగ్గిపోయి ఉంటుంది. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల రేకులో 30 మిల్లీమీటర్ల రంధ్రం తీసుకోండి. నాలుగింటికి దాని అంచు ఆపేది 2 మిల్లీమీటర్ల పైచిలుకు ఎండను మాత్రమే. రంధ్రం మీద పడిన ఎండలో నూటికి తొంభై వంతుల పైగా లోపలికే వస్తుంది. డిజైన్ ఒకటే కావచ్చు, లోతు లేదు.

పలచటి తెరతో పని జరగదని కాదు. అప్పుడు ఆ లోతును వేరే చోట వెతకాలి. మార్ఫోజెనెసిస్ అనే ఆర్కిటెక్చర్ సంస్థ జైపూర్‌లో 2008లో పూర్తి చేసిన పెర్ల్ అకాడమీ ఫ్యాషన్ కాలేజీలో జాలీ తెరను గోడకు 4 అడుగుల దూరంలో నిలబెట్టారు. ఎండకు ముందు కాలేది ఆ తెరే. దాని వేడి మధ్య ఖాళీలోని గాలికి పోతుంది, అసలు గోడ నీడలో ఉండిపోతుంది. రేకును కిటికీ అద్దానికి ఆనించి బిగించే మన పద్ధతిలో ఈ ఖాళీయే ఉండదు. కాలిన రేకు తన వేడిని నేరుగా అద్దానికే ఇస్తుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబం పడమటి బాల్కనీకి రేకు జాలీ పెట్టించుకుంది. మొదటి వేసవిలో ఎండ ఆగలేదు. రాత్రి హాల్లో లైటు వేస్తే సోఫాలో కూర్చున్నవాళ్లు ఎదుటి అపార్ట్‌మెంట్‌కు స్పష్టంగా కనబడుతున్నారు. దోమలకని వెనక మెష్ బిగిస్తే ఉన్న గాలి కూడా తగ్గింది. ఏం చేయాలని అడిగితే, మెష్‌ను జాలీ మీద నుంచి తీసి బాల్కనీ తలుపుకు మార్చుకోమన్నాను. రేకుకు అడుగు లోపలగా, పైనుంచి కిందిదాకా వట్టివేళ్ల తడికలు వేలాడదీయమన్నాను. తడికలు ఎండనూ ఎదుటివాళ్ల చూపునూ ఆపుతున్నాయి. మధ్యాహ్నం నీళ్లు చల్లితే గాలి నిజంగానే చల్లబడి వస్తోంది. రేకు జాలీ వీధి వైపు అలాగే ఉంది.